బ్రాడ్‌బ్యాండ్ ఆగిపోతే రెండో సిమ్ మీదకు రెండు నిమిషాల్లో మారడం ఎలా

రెండో సిమ్ ఫోన్‌లో ఉంది, దాంట్లో డేటా కూడా ఉంది. అయినా బ్రాడ్‌బ్యాండ్ పోయిన రోజు నేను మళ్లీ మీటింగ్‌లోకి రావడానికి 25 నిమిషాలు పట్టింది. అప్పటికి మీటింగ్ అయిపోవచ్చింది. ఆ 25 నిమిషాలు ఎక్కడ పోయాయో తర్వాత ఒక కాగితం మీద రాసుకుని చూస్తే ఒక్కొక్కటీ చిన్న కారణమే, ముందురోజు సరిచేసి పెట్టుకుంటే రెండేసి నిమిషాల పని. హాట్‌స్పాట్ ఆన్ చేయబోతే ఆన్ కాలేదు. అయ్యాక చూస్తే ఫోన్ పంచుతున్నది ఆ చచ్చిన వైఫైనే. ఆ తర్వాత ల్యాప్‌టాప్‌కి నెట్ అందగానే అది చేసిన మొదటి పని నా ఫైళ్లన్నీ క్లౌడ్‌లోకి ఎక్కించడం. ఇవన్నీ దాటి మీటింగ్‌లోకి వెళ్తే అవతలివాళ్ల మాట నాకు బాగానే వినిపిస్తోంది, నా మాట మాత్రం వాళ్లకు ముక్కలు ముక్కలుగా పోతోంది.

కాబట్టి ఇక్కడ రాసేది సిమ్ కొనడం గురించి కాదు, కొన్న సిమ్ ఆ రోజు నిజంగా పనికొచ్చేలా ముందే ఏం చేసి పెట్టుకోవాలి, నెట్ పోయిన నిమిషంలో ఏ పని తర్వాత ఏ పని చేయాలి అని. ఒక ల్యాప్‌టాప్, ఒక ఫోన్, ఒక యూఎస్‌బీ కేబుల్ ఉంటే చాలు.

సిమ్ ఎంచుకునేటప్పుడు చూడాల్సింది ఒక్కటే

బ్రాడ్‌బ్యాండ్ ఏ కంపెనీదో రెండో సిమ్ ఆ కంపెనీది కాకూడదు. ఒకే కంపెనీది అయితే బిల్లు ఒక్కచోటే కట్టొచ్చు కదా అనిపిస్తుంది, కానీ మీ ఇంటికి వచ్చే ఫైబర్, మీ పక్క టవర్‌కి వెళ్లే ఫైబర్ చాలాసార్లు కొంత దూరం ఒకే గొట్టంలో ప్రయాణిస్తాయి. ఎక్కడో రోడ్డు తవ్వేటప్పుడు అది తెగితే రెండూ కలిసి పోతాయి. అప్పుడు ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగానే కనిపిస్తాయి, ఎందుకంటే టవర్ బతికే ఉంది, టవర్ వెనక దారి తెగింది. గీతలు చెప్పేది మీ ఫోన్‌కీ టవర్‌కీ మధ్య సంగతి మాత్రమే. ఆ తర్వాత ఏం జరుగుతోందో అవి చెప్పవు.

ఇంకో మెలిక ఉంది. కొన్ని సిమ్ కంపెనీలకు సొంత టవర్లు ఉండవు, వేరే కంపెనీ నెట్‌వర్క్ అద్దెకు తీసుకుని తమ పేరుతో అమ్ముతాయి. మీరు వాడే రెండు సిమ్‌లకూ పేర్లు వేరైనా లోపల నెట్‌వర్క్ ఒకటే కావచ్చు. కొనేముందు అది ఎవరి నెట్‌వర్క్ మీద నడుస్తుందో అడగండి. అలాగే ప్లాన్‌లో హాట్‌స్పాట్‌కి అనుమతి ఉందో లేదో కూడా అడగండి. కొన్ని ప్లాన్లు ఫోన్‌లో వాడుకోవడానికి మాత్రమే ఎక్కువ డేటా ఇచ్చి హాట్‌స్పాట్‌కి విడిగా చిన్న పరిమితి పెడతాయి.

అన్నీ చూసుకుని వేరే కంపెనీ తీసుకున్నా ఆ దారి పూర్తిగా వేరు అని ఎవరూ హామీ ఇవ్వలేరు, ఇద్దరి ఫైబర్ ఒకే స్తంభం మీదుగా పోతూ ఉండొచ్చు. కానీ ఒకేసారి రెండూ పోయే అవకాశం బాగా తగ్గుతుంది, మనకు కావలసింది అదే.

మీ కుర్చీ దగ్గర సిగ్నల్ ఎంతో అంకెల్లో చూడండి

గీతలను నమ్మకండి, ఒక్కో ఫోన్ ఒక్కోలా గీస్తుంది. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి About phone తెరిస్తే SIM status అని ఉంటుంది, అందులో Signal strength పక్కన dBm తో ఒక మైనస్ అంకె కనిపిస్తుంది. ఐఫోన్‌లో అయితే డయల్ చేసే చోట ఇది కొట్టి కాల్ నొక్కితే ఫీల్డ్ టెస్ట్ తెర వస్తుంది, అందులో RSRP అనే అంకె చూడాలి.

```
*3001#12345#*
```

మైనస్ అంకె కాబట్టి చిన్నగా కనిపించేదే మంచిది. 4జీలో -90 కంటే మెరుగ్గా ఉంటే ఏ బెంగా లేదు. -100 దగ్గర పని జరుగుతుంది. -110 దాటితే వీడియో కాల్ మీద ఆశ పెట్టుకోవద్దు, -120 దగ్గర లింకు తెగుతూ ఉంటుంది. ఈ లెక్కలో 10 అంకెలు తేడా అంటే సిగ్నల్ శక్తిలో 10 రెట్లు తేడా, అందుకే రెండు అడుగులు జరిగినా ఒక్కోసారి పరిస్థితి మొత్తం మారిపోతుంది.

నా బల్ల దగ్గర -112 ఉండేది. అదే గదిలో కిటికీ గట్టు మీద పెడితే -98. అంటే సుమారు 25 రెట్లు ఎక్కువ. మొదటిరోజు నా మాట ముక్కలైపోవడానికి కారణం ఇదే. సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు ముందు దెబ్బ తినేది అప్‌లోడ్. టవర్ పెద్ద గొంతుతో మాట్లాడుతుంది, అది మనకు వినిపిస్తుంది. కానీ ఫోన్‌ది చిన్న గొంతు, ఎంత గట్టిగా అరిచినా దానికి ఒక హద్దు ఉంటుంది. కాబట్టి మీకు అందరూ వినిపిస్తూ మీ మాట మాత్రం అవతల తెగుతోందంటే మైక్‌ని అనుమానించకండి, ముందు ఫోన్ ఉన్న చోటు మార్చండి.

ఇంట్లో ఫోన్ పట్టుకుని నెమ్మదిగా తిరగండి, ఒక్కో చోట అర నిమిషం ఆగి అంకె చూడండి, ఎందుకంటే అది వెంటనే మారదు. మంచి చోటు దొరికాక అక్కడి నుంచే స్పీడ్ టెస్ట్ చేయండి. అదీ మీరు పని చేసే వేళలోనే చేయాలి, తెల్లవారుజామున ఖాళీగా ఉన్న టవర్ ఇచ్చే స్పీడు చూసి మురిసిపోతే పగలు మోసపోతాం. స్పీడు కంటే ఎక్కువగా చూడాల్సింది నిలకడ. దానికి ల్యాప్‌టాప్‌ని హాట్‌స్పాట్‌కి కలిపి, విండోస్‌లో ఈ కమాండ్ ఇవ్వండి. మ్యాక్‌లో అయితే `-n` బదులు `-c`.

```
ping -n 50 1.1.1.1
```

50 సార్లు అడిగి ఎన్నిటికి జవాబు వచ్చిందో, ఎంతసేపట్లో వచ్చిందో చూపిస్తుంది. ఒక్కటి కూడా పోకుండా, సమయాలు 40 నుంచి 80 మిల్లీ సెకన్ల మధ్య ఆడుతుంటే హాయిగా కాల్ మాట్లాడుకోవచ్చు. రెండు మూడు పోయి, సమయాలు 50 నుంచి 600కి, మళ్లీ 70కి గెంతుతుంటే స్పీడ్ టెస్ట్ ఎంత పెద్ద అంకె చూపించినా మాట తెగుతుంది.

5జీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 5జీ అంచున కూర్చుంటే ఫోన్ 4జీకీ 5జీకీ మధ్య అటూ ఇటూ మారుతూ ఉంటుంది, మారిన ప్రతిసారీ కాల్‌లో చిన్న గతుకు. అలా జరుగుతుంటే నెట్‌వర్క్ సెట్టింగ్‌లో ఆ సిమ్‌కి 4జీ అని, తెర మీద LTE అని ఉంటుంది, దాన్ని ఎంచుకుని వదిలేయండి. స్పీడ్ టెస్ట్‌లో అంకె తగ్గుతుంది కానీ మీటింగ్ నిలబడుతుంది.

ఎంత డేటా ఉంచుకోవాలి

ఒక లెక్క గుర్తుపెట్టుకుంటే చాలు: సెకనుకి 1 మెగాబిట్ చొప్పున గంటసేపు వాడితే 450 ఎంబీ అవుతుంది. నలుగురున్న వీడియో మీటింగ్‌లో వచ్చేది సుమారు ఒక మెగాబిట్, మీ కెమెరా ఆన్‌లో ఉంటే పోయేది ఇంకో మెగాబిట్ అనుకోండి, గంటకి 900 ఎంబీ. అదే కెమెరాలు లేకుండా మాట మాత్రమే అయితే అటూ ఇటూ కలిపి గంటకి 90 ఎంబీ కూడా దాటదు. పది రెట్లు తేడా.

రోజంతా బ్రాడ్‌బ్యాండ్ రాలేదనుకుందాం. రెండు గంటల వీడియో మీటింగ్‌లు 1.8 జీబీ, మెయిళ్లు, డాక్యుమెంట్లు, చాట్ అన్నీ కలిపి ఒక అర జీబీ. 2.5 జీబీలో రోజు గడుస్తుంది. అంటే ఆఫీసు పని డేటాని తినేయదు. తినేసేది వేరే ఉంది, దాని గురించి కింద చెబుతాను. మీ ప్లాన్‌లో రోజువారీ పరిమితి ఉంటే మాత్రం అది దాటాక స్పీడు ఎంతకి పడిపోతుందో చూసుకోండి. 64 కేబీపీఎస్‌కి పడిపోతే మాట కూడా సరిగా పోదు, అదనపు డేటా ప్యాక్ ఎలా వేసుకోవాలో ముందే తెలిసి ఉండాలి. నెట్ లేనప్పుడు ఎస్ఎంఎస్‌తోనో నంబర్ డయల్ చేసో వేసుకునే దారి ఉంటే దాన్ని రాసి పెట్టుకోండి.

ఫోన్‌ని సిద్ధం చేయడం

ఇంట్లో పాత ఫోన్ ఏదైనా పడి ఉంటే, అది 4జీది అయితే, రెండో సిమ్ దాంట్లో వేసేయండి. నా దృష్టిలో ఇంతకు మించిన పద్ధతి లేదు. ఎందుకంటే రెండు సిమ్‌ల ఫోన్లలో చాలావాటికి సిమ్‌లు రెండైనా రేడియో ఒక్కటే పని చేస్తుంది. రెండో సిమ్ మీద నెట్ నడుస్తుండగా మొదటి సిమ్‌కి ఎవరో కాల్ చేసి మీరు ఎత్తారనుకోండి, మాట్లాడినంతసేపూ నెట్ ఆగిపోతుంది. మీటింగ్‌లో అందరూ గడ్డకట్టినట్టు నిలబడిపోతారు. కాల్ పెట్టేయగానే మళ్లీ వస్తుంది. కారణం తెలియకపోతే నెట్‌వర్క్ బాగాలేదని తిట్టుకుంటాం.

పాత ఫోన్ లేకపోతే ఒకే ఫోన్‌లో కూడా నడపొచ్చు. ముందు రెండు సిమ్‌లకూ VoLTE ఆన్ చేయండి, అది లేకపోతే కాల్ వచ్చినప్పుడు ఫోన్ పాత నెట్‌వర్క్‌కి దిగిపోతుంది. ఐఫోన్‌లో Allow Cellular Data Switching అని ఒకటి ఉంటుంది, ఆండ్రాయిడ్‌లో కూడా అలాంటిది ఉంటుంది, ఫోన్‌ని బట్టి పేరు మారుతుంది. దాన్ని ఆన్ చేస్తే కాల్ నడిచినంతసేపు నెట్ కాల్ వచ్చిన సిమ్ మీదకు మారుతుంది. చిన్న కుదుపు ఉంటుంది, ఆ సిమ్ డేటా ఖర్చవుతుంది, కానీ మీటింగ్ పూర్తిగా తెగదు. కీలకమైన మీటింగ్ అయితే మొదటి సిమ్‌ని ఆ గంట ఆఫ్ చేయడమే మేలు.

పాత ఫోన్‌కైనా కొత్తదానికైనా కింది నాలుగూ ఈరోజే చూసి పెట్టండి.

మొదటిది, ఫోన్‌లో వైఫై ఆఫ్‌లో ఉంటే హాట్‌స్పాట్ మొబైల్ డేటాకి ఎంచుకున్న సిమ్ నుంచే పోతుంది. సెట్టింగ్స్‌లో SIMs దగ్గర Mobile data ఏ సిమ్ మీద ఉందో చూసుకోండి, రెండో సిమ్ మీదకు మార్చడం ఒకసారి చేతితో చేసి చూడండి. మార్చాక నెట్ రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఈలోపు కంగారుపడి మళ్లీ వెనక్కి మార్చకండి.

రెండోది, Data Saver ఆఫ్‌లో ఉండాలి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇది ఆన్‌లో ఉంటే హాట్‌స్పాట్, కేబుల్ ద్వారా నెట్ పంచే యూఎస్‌బీ టెథరింగ్ రెండూ ఆన్ కావు, బటన్ మసకబారి ఉంటుంది. డేటా ఆదా అవుతుందని నేను ఎప్పుడో ఆన్ చేసి మర్చిపోయాను, ఆ రోజు మొదటి ఆరు నిమిషాలు దీనికే పోయాయి.

మూడోది, ఎవరూ కలవకపోతే హాట్‌స్పాట్ దానంతటదే ఆగిపోయే సెట్టింగ్. ల్యాప్‌టాప్ కాసేపు నిద్రపోతే ఫోన్ హాట్‌స్పాట్ ఆపేస్తుంది, లేచాక నెట్ ఉండదు. ఇంట్లో వాడేటప్పుడు దీన్ని ఆఫ్ చేసుకోండి. ఐఫోన్‌లో ల్యాప్‌టాప్ కలిసేదాకా Personal Hotspot తెర తెరిచే ఉంచండి, మూసేస్తే కొన్నిసార్లు పేరు కనపడదు.

నాలుగోది, హాట్‌స్పాట్ పేరు, పాస్‌వర్డ్. ఇంటి వైఫైకి ఉన్న పేరూ పాస్‌వర్డే దీనికీ పెడితే అన్నీ వాటంతటవే కలుస్తాయని కొందరు సలహా ఇస్తారు. దయచేసి అలా పెట్టకండి. కలుస్తాయి, నిజమే, టీవీ కూడా కలుస్తుంది, ఇంట్లో వాళ్ల ఫోన్లన్నీ కలుస్తాయి, బ్రాడ్‌బ్యాండ్ పోయిన సంగతే తెలియని టీవీ మీ రోజు డేటాని గంటలో పూర్తి చేస్తుంది. వేరే పేరు పెట్టి, పాస్‌వర్డ్ ల్యాప్‌టాప్‌లో మాత్రమే సేవ్ చేయండి.

ల్యాప్‌టాప్‌ని సిద్ధం చేయడం

డేటాని నిజంగా తినేసేది ఇక్కడుంది. ల్యాప్‌టాప్‌కి వైఫై అంటే వైఫైనే, అది ఫోన్ నుంచి వస్తోందని దానికి చాలాసార్లు తెలియదు. నెట్ దొరకగానే ఆగి ఉన్న అప్‌డేట్లు దించుకుంటుంది, ఫైళ్లు పైకి ఎక్కిస్తుంది. ఆ ఎక్కించడం మీ అప్‌లోడ్ మొత్తాన్ని ఆక్రమిస్తుంది, అసలే అప్‌లోడ్ సన్నగా ఉంటుంది, అప్పుడు మీ మాట ఎక్కడికి పోతుంది?

విండోస్‌లో హాట్‌స్పాట్‌కి ఒకసారి కలిసి, Settings లో Network & internet లోకి వెళ్లి ఆ నెట్‌వర్క్ ప్రాపర్టీస్‌లో Metered connection ఆన్ చేయండి. ఈ సెట్టింగ్ ఒక్కో నెట్‌వర్క్‌కి విడివిడిగా గుర్తుంటుంది, కాబట్టి ఇంటి వైఫైకి ఏమీ కాదు. యూఎస్‌బీ ద్వారా కలిపినప్పుడు అదే ఫోన్ ల్యాప్‌టాప్‌కి Ethernet లాగా కనిపిస్తుంది, దానికి మళ్లీ విడిగా ఆన్ చేయాలి. చాలామంది ఇక్కడే వదిలేస్తారు. ఇలా చేస్తే విండోస్ అప్‌డేట్లు చాలావరకు ఆగుతాయి, వన్‌డ్రైవ్ సింక్ కూడా ఆగుతుంది. మ్యాక్‌లో ఇదే పనికి ఆ వైఫై వివరాల్లో Low Data Mode ఉంది. మిగతా సింక్ యాప్‌లన్నీ ఈ మాట వింటాయని నమ్మకం పెట్టుకోకండి, వాటిని చేత్తో పాజ్ చేయడమే క్షేమం.

ఇక వైఫైతో కలపాలా, కేబుల్‌తోనా? కేబుల్ అనే అంటాను. ఫోన్ ఛార్జ్ అవుతూ ఉంటుంది, చుట్టుపక్కల వైఫైల గోల దీనికి తగలదు, పాస్‌వర్డ్ గొడవ లేదు. ఒక్క చిక్కు, మంచి సిగ్నల్ ఉన్న చోటు బల్లకి దూరమైతే కేబుల్ అందదు. నేను రెండు మీటర్ల కేబుల్ పెట్టుకున్నాను, కిటికీ దాకా వస్తుంది. కొన్ని కేబుళ్లు ఛార్జింగ్‌కి మాత్రమే పనికొస్తాయి, డేటా పోదు. అలాంటిదైతే టెథరింగ్ బటన్ అసలు వెలగదు. పని చేసిన కేబుల్‌కి ఒక గుర్తు కట్టి పెట్టుకోండి. అంత దూరం కేబుల్ కుదరకపోతే ఫోన్ కిటికీలో, మీరు బల్ల దగ్గర, మధ్యలో వైఫై హాట్‌స్పాట్. ఒకే గదిలో అయితే 5 గిగాహెర్ట్జ్ పెట్టండి, మధ్యలో గోడ ఉంటే 2.4 నయం.

నెట్ పోయింది, ఇప్పుడు

ముందు నిజంగా పోయిందో లేదో అర నిమిషంలో తేల్చుకోవాలి. వైఫై గుర్తు నిండుగా ఉంటుంది, అది ల్యాప్‌టాప్‌కీ రౌటర్‌కీ మధ్య సంబంధం మాత్రమే. ఆఫీసు వీపీఎన్ ఆపి, ఈ మూడూ వరసగా కొట్టండి. మీ రౌటర్ చిరునామా వేరే కావచ్చు, విండోస్‌లో `ipconfig` కొడితే Default Gateway పక్కన కనిపిస్తుంది.

```
ping 192.168.1.1
ping 1.1.1.1
ping google.com
```

మొదటిదానికే జవాబు లేకపోతే మీ వైఫై లేదా రౌటర్ సమస్య, రౌటర్ ఒకసారి ఆపి వేయండి. మొదటిది వచ్చి రెండోది రాకపోతే బయటి లైన్ పోయినట్టే, వెంటనే సిమ్ మీదకు మారండి. మొదటి రెండూ వచ్చి మూడోది మాత్రమే రాకపోతే లైన్ బాగానే ఉంది, పేరుని చిరునామాగా మార్చే డీఎన్ఎస్ దగ్గర తేడా. ల్యాప్‌టాప్‌లో డీఎన్ఎస్ 1.1.1.1 అని పెడితే చాలాసార్లు పని అయిపోతుంది, సిమ్ అవసరమే రాదు. ఫైబర్ కనెక్షన్ అయితే గోడ దగ్గరి డబ్బా మీద LOS అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలుగుతోందేమో చూడండి. వెలిగితే వెలుతురు మీ ఇంటిదాకా రావడం లేదని అర్థం. తీగ వదులైందేమో చూసి, కాకపోతే కంప్లైంట్ పెట్టి, ఇక రౌటర్‌ని పదిసార్లు ఆపి వేస్తూ కూర్చోకండి. అది కొన్ని గంటల సంగతి.

మారే వరస ఇది. ఫోన్‌లో వైఫై ఆఫ్ చేయండి. ఇది అన్నిటికంటే ముందు. యూఎస్‌బీ టెథరింగ్ ఫోన్‌కి అప్పుడు ఏ నెట్ ఉంటే దాన్ని పంచుతుంది. ఫోన్ ఇంకా ఇంటి వైఫైనే పట్టుకుని ఉంటే ఆ చచ్చిన నెట్‌నే కేబుల్ ద్వారా మీకు పంపిస్తుంది, మీరు సిమ్‌ని అనుమానిస్తారు. తర్వాత మొబైల్ డేటా రెండో సిమ్ మీద ఉందో చూసి, ఫోన్ బ్రౌజర్‌లో ఒక పేజీ తెరవండి. అది తెరుచుకుంటే సిమ్ బాగున్నట్టు. ఇప్పుడు కేబుల్ పెట్టి USB tethering ఆన్ చేయండి. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆఫ్ చేయండి, లేకపోతే అది రెండు దారుల మధ్య తికమకపడుతుంది, రౌటర్ రాగానే మీటింగ్ మధ్యలో అటు గెంతుతుంది కూడా. సింక్ యాప్‌లు పాజ్. వీపీఎన్ పూర్తిగా డిస్‌కనెక్ట్ చేసి మళ్లీ కలపండి, ఆ తర్వాతే మీటింగ్.

మీటింగ్‌లోకి ముందు కెమెరా లేకుండా వెళ్లండి. ఒక నిమిషం మాట నిలకడగా ఉంటే అప్పుడు కెమెరా పెట్టుకోండి. అవతలివాళ్ల వీడియోలు కూడా ఆపే సదుపాయం చాలా మీటింగ్ యాప్‌లలో ఉంటుంది, రావడంలో ఇబ్బంది ఉంటే అది వాడండి. ఇవేవీ కుదరనంత బలహీనంగా ఉంటే మీటింగ్ ఆహ్వానంలో ఫోన్ నంబర్ ఏదైనా ఇచ్చారేమో చూడండి, ఉంటే మామూలు కాల్ చేసి మాటతో పాల్గొనవచ్చు. మామూలు కాల్‌కి ఇంటర్నెట్ స్పీడుతో పని లేదు.

వీపీఎన్ కలుస్తుంది, కానీ ఏదీ తెరుచుకోదు

ఇది విడిగా చెప్పాల్సినంత ఇబ్బంది పెడుతుంది. సిమ్ మీద మామూలు వెబ్‌సైట్లన్నీ వస్తాయి, వీపీఎన్ కూడా కనెక్ట్ అయిందని పచ్చగా చూపిస్తుంది, చాట్‌లో చిన్న మెసేజ్ పోతుంది, కానీ పెద్ద పేజీ గానీ ఫైల్ గానీ రిమోట్ డెస్క్‌టాప్ గానీ తెరవబోతే తిరుగుతూనే ఉంటుంది. చిన్నవి పోయి పెద్దవి ఆగుతున్నాయంటే చాలాసార్లు కారణం ప్యాకెట్ సైజు. నెట్‌లో డేటా పోయే ఒక్కో ముక్కని ప్యాకెట్ అంటారు, దారిలో పట్టే అతిపెద్ద ప్యాకెట్ సైజుని ఎంటీయూ అంటారు. మొబైల్ నెట్‌వర్క్ లోపల ప్యాకెట్‌కి అదనపు కవర్లు తొడుగుతుంది, వీపీఎన్ దాని మీద ఇంకో కవరు వేస్తుంది, చివరికి అది దారిలో పట్టనంత పెద్దదైపోయి మధ్యలో ఎక్కడో పడిపోతుంది. వీపీఎన్ ఆపి, విండోస్‌లో ఇలా చూడొచ్చు:

```
ping -f -l 1372 1.1.1.1
```

జవాబు వస్తే 1400 సైజు దాకా పోతున్నట్టు, ఎందుకంటే ఈ అంకెకి 28 కలుపుకోవాలి. రాకపోతే 1372 బదులు 1322, తర్వాత 1272 అని తగ్గించి, ఎక్కడ వస్తుందో ఆ అంకెకి 28 కలిపి రాసుకోండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో దీన్ని మనం మార్చలేం, మార్చకూడదు కూడా. ఐటీ వాళ్లకి మొబైల్ డేటా మీద ఎంటీయూ ఇంత దాకానే పోతోంది, వీపీఎన్‌లో తగ్గించగలరా అని ఆ అంకెతో సహా రాయండి. వీపీఎన్ పని చేయట్లేదు అని రాస్తే మూడు రోజులు తిరుగుతుంది, అంకె ఇస్తే వాళ్లకి ఏం చేయాలో వెంటనే తెలుస్తుంది.

వీపీఎన్ అసలు కలవనే కలవకపోతే ఫోన్‌లో ఆ సిమ్ APN సెట్టింగ్ తెరిచి APN protocol ఎలా ఉందో చూడండి. IPv6 అని ఒక్కటే ఉంటే IPv4/IPv6 అని మార్చి చూడండి, కొన్ని పాత వీపీఎన్ యాప్‌లు కొత్త పద్ధతితో సరిగా పొసగవు. ఇంకొకటి, ఇంటి బ్రాడ్‌బ్యాండ్ ఐపీ చిరునామా నుంచి మాత్రమే ప్రవేశం ఇచ్చే ఆఫీసు సర్వర్లు ఉంటాయి. సిమ్ మీద మీ చిరునామా వేరు, పైగా దాన్ని ఎంతోమంది పంచుకుంటారు, అది మారుతూ కూడా ఉంటుంది. కాబట్టి సిమ్ చిరునామాని అనుమతి జాబితాలో పెట్టించుకోవడం కుదరదు. అలాంటి సర్వర్‌కి వీపీఎన్ మీదుగా దారి ఉందా అని ముందే అడిగి పెట్టుకోవాలి.

వేడి, కరెంటు, రద్దీ

కిటికీ దగ్గర సిగ్నల్ బాగుంటుంది, ఎండ కూడా అక్కడే పడుతుంది. ఫోన్ ఒక పక్క ఛార్జ్ అవుతూ, ఇంకో పక్క గంటల తరబడి డేటా పంపిస్తుంటే దానికదే వేడెక్కుతుంది, ఎండ తోడైతే ముందు స్పీడు తగ్గిస్తుంది, తర్వాత కొన్ని ఫోన్లు హాట్‌స్పాట్ ఆపేస్తాయి. మొదటి గంట బాగా నడిచి తర్వాత మందగిస్తే ఫోన్‌ని చేత్తో తాకి చూడండి. కవర్ తీసేయండి, నీడలోకి జరపండి. పాత ఫోన్‌ని నెలల తరబడి ఛార్జర్‌కే వదిలేయకండి, బ్యాటరీ ఉబ్బొచ్చు. సగం ఛార్జ్‌తో ఆఫ్ చేసి పెట్టి వారానికోసారి చూసుకోవడం మంచిది.

మీ బ్రాడ్‌బ్యాండ్ ఎక్కువగా కరెంటు పోయినప్పుడే ఆగుతుంటే ముందు రౌటర్‌కి, ఫైబర్ డబ్బాకి కలిపి చిన్న యూపీఎస్ పెట్టుకోండి, సిమ్‌తో పని పడే రోజులు సగం తగ్గిపోవచ్చు.

ఇంకో విషయం. చుట్టుపక్కల అందరి లైన్ ఒకేసారి పోయినప్పుడు అందరూ ఫోన్ డేటా మీదకే వస్తారు, మామూలు రోజు 30 ఎంబీపీఎస్ ఇచ్చిన టవర్ ఆ రోజు 3 ఇవ్వొచ్చు. 3 చాలు, కెమెరా ఆపేస్తే మీటింగ్ నడుస్తుంది. అందుకే మంచి రోజున చేసిన స్పీడ్ టెస్ట్‌లో 5 మాత్రమే వస్తే ఆ సిమ్ మీద నేను ఆధారపడను, వేరే కంపెనీది చూస్తాను.

మళ్లీ బ్రాడ్‌బ్యాండ్ మీదకు

లైన్ వచ్చిందనగానే మారిపోకండి. రిపేరు జరిగేటప్పుడు లైన్ వస్తూ పోతూ ఉంటుంది, మీటింగ్ మధ్యలో రెండుసార్లు తెగడం కంటే సిమ్ మీదే పూర్తి చేయడం నయం. ఇంకో ఫోన్‌ని ఇంటి వైఫైకి కలిపి పావుగంట మామూలుగా వాడి చూడండి, ఆగకుండా నడిస్తే అప్పుడు మారండి. వీపీఎన్ ఆపి, టెథరింగ్ ఆఫ్ చేసి, ల్యాప్‌టాప్ వైఫై ఆన్ చేసి, మళ్లీ వీపీఎన్. పాజ్ చేసిన సింక్ యాప్‌లని తిరిగి మొదలుపెట్టడం మర్చిపోతే రెండు రోజుల తర్వాత ఫైల్ పాతదే ఉందేమిటని వెతుక్కోవాల్సి వస్తుంది.

నెలకోసారి రిహార్సల్

ఈ సిమ్ మామూలు రోజుల్లో వాడం కాబట్టి దానికి ఏమైనా అయితే తెలియదు. వ్యాలిడిటీ అయిపోతుంది, కొన్ని నెలలు వాడకపోతే కంపెనీ నంబర్ ఆపేయవచ్చు. ఫోన్ అప్‌డేట్ తర్వాత ఏదో సెట్టింగ్ మారిపోతుంది, వీపీఎన్ యాప్ కొత్త వెర్షన్ వస్తుంది. అందుకే నెలకో రోజు, పని తక్కువ ఉన్న అరగంట చూసి, క్యాలెండర్‌లో పెట్టుకుని చేయండి. రౌటర్ స్విచ్ ఆపి పరీక్షించకండి, నిజంగా లైన్ పోయినప్పుడు రౌటర్ వెలుగుతూనే ఉంటుంది, వైఫై నిండుగా ఉంటుంది, తికమక అంతా అక్కడే కదా. ఫైబర్ డబ్బా, రౌటర్ విడివిడిగా ఉంటే వాటి మధ్య ఉన్న నెట్‌వర్క్ కేబుల్ పీకండి. రెండూ ఒకే పెట్టెలో ఉంటే ఏ కేబులూ పీకకుండా, లైన్ పోయిందనుకుని మారే వరస మొత్తం చేయండి. ఫైబర్ తీగని మాత్రం పీకకండి, దాని కొన మీద దుమ్ము పడినా, తీగ గట్టిగా వంగినా నిజంగానే లైన్ పోతుంది.

కేబుల్ పీకిన క్షణం నుంచి టైమర్ పెట్టి, సహోద్యోగి ఎవరికైనా వీపీఎన్ మీదుగా కాల్ చేసి మీ మాట స్పష్టంగా వినిపిస్తోందా అని అడిగేదాకా ఎంత పట్టిందో చూడండి. నాకు మొదటి రిహార్సల్‌లో 9 నిమిషాలు పట్టింది, వీపీఎన్ దగ్గరే అయిదు పోయాయి. ఐటీ వాళ్లు ఎంటీయూ తగ్గించాక రెండోసారి 4. మారే వరసని ఒక చీటీ మీద రాసి ల్యాప్‌టాప్ మూత లోపల అంటించాక 2 నిమిషాల లోపే అవుతోంది. ఆ చీటీలో మొదటి లైన్ ఇప్పటికీ ఇదే: ఫోన్‌లో వైఫై ఆఫ్.